ఆ కాఫీ పిప్పి పారెయ్యకండి, ఆగండి!

ఏమండోయ్, ఒక్క నిమిషం. చేతిలో ఏమిటది, ఫిల్టరేనా? పైగిన్నెలో పిప్పిని తీసుకెళ్ళి చెత్తబుట్ట అంచుకేసి ఠంగుమని కొట్టబోతున్నారు కదూ? ఆగండాగండి. ఇలా గోడ దగ్గరికి రండి. మీతో చాలా మాట్లాడాలి.

మీ మేడ మీద ఓ పాతిక కుండీలున్నాయని నాకు తెలుసు. టమాటా, వంగ, మందారం, రెండు గులాబీలు, ఒక మూలగా కరివేపాకు. మిద్దె తోట అనుకోండి, మీరు ముద్దుగా ఏమని పిలుచుకున్నా సరే. ఆ కుండీల కోసం నర్సరీకెళ్ళి వర్మీకంపోస్టు సంచులు మోసుకొస్తారు. ఇక్కడేమో రోజూ కాఫీ పిప్పి, టీ పిప్పి, గుడ్డు పెంకులు, పండ్ల తొక్కలు మూటగట్టి చెత్తబండికి అప్పగిస్తారు. అబ్బాయి ఈల వెయ్యగానే పరుగో పరుగు! ఏం చెప్పమంటారు చెప్పండి.

ఈ మాట అనగానే సగం మంది ఏం చేస్తారో కూడా నాకు తెలుసు. మర్నాటి నుంచి ఆ పిప్పి తీసుకెళ్ళి నేరుగా గులాబీ మొదట్లో పోస్తారు. వద్దు! అదీ వద్దు. నా గొడవంతా దాని గురించే. బుట్టలోకీ వద్దు, నేరుగా కుండీలోకీ వద్దు. మధ్యలో ఒక మజిలీ ఉంది. దాని సంగతి చెప్తాను కానీ, ముందు ఈ నలుగురి గుణగణాలు తెలియాలి. ఒక్కొక్కరిది ఒక్కో తీరు.

పెద్దపీట కాఫీకే. మనింట్లో పొద్దున్న ముందు లేచేది అదే కదా. డికాషన్ దిగిపోయాక ఫిల్టర్ బోర్లించి కొడితే బిళ్ళ ఊడొస్తుంది చూడండి, ముదురు గోధుమరంగులో, తడిగా, ఇంకా వాసన పోకుండా. ఒకసారి వేళ్ళతో నలిపి చూడండి. ఎంత మెత్తగా ఉందో! ఆ మెత్తదనమే దాని సుగుణం, అదే దాని చిక్కు.

"కాఫీ పుల్లనిది, గులాబీకి పులుపంటే ప్రాణం, కాబట్టి గులాబీకి కాఫీ పిప్పి వెయ్యాలి." ఈ మాట మీరూ విన్నారు, నేనూ విన్నాను. వినడానికి ఎంత బాగుందో! కానీ పులుపంతా ఎక్కడికి పోయిందంటారు? డికాషన్‌లోకి. అంటే మీ గ్లాసులోకి. మీరది హాయిగా తాగేశారు. మిగిలిన పిప్పి పీహెచ్ ఆరున్నర చుట్టుపక్కల ఉంటుంది, అంటే దాదాపు తటస్థం. గులాబీకి పులుపు ఇద్దామనుకుంటే పిప్పి వల్ల పని జరగదు.

పోనీ బలమైనా ఉందా అంటే, ఉంది. బరువులో ఇంచుమించు రెండు శాతం నత్రజని. తక్కువేం కాదు. అయితే అది మొక్క వేళ్ళకు అందే రూపంలో లేదు. సూక్ష్మజీవులు ముందు దాన్ని తిని, అరిగించుకుని, ఆ తరవాతే మొక్కకు వదుల్తాయి. తింటున్నన్నాళ్ళూ వాటికీ నత్రజని కావాలి. పిప్పిలోది చాలకపోతే మట్టిలోంచి లాక్కుంటాయి. మొక్క నోటి దగ్గరి కూడు లాక్కోవడమే అది! 2016లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వాళ్ళు బ్రోకలీ, ముల్లంగి, పొద్దుతిరుగుడు లాంటి మొక్కలకు పచ్చి పిప్పి నేరుగా మట్టిలో కలిపి చూశారు. వేసిన ప్రతి మొక్కా ఎదుగుదల తగ్గి గిడసబారింది. పైగా పిప్పిలో కాస్తో కూస్తో మిగిలిన కెఫీన్ లేత మొలకలకు గిట్టదు. అందుకే నారు పోసిన ట్రేల దగ్గరికి దాన్ని రానివ్వకండి.

ఇంకొకటి మీరే కళ్ళారా చూడొచ్చు. ఎవరింట్లోనైనా కుండీ మీద వేలెడు మందాన కాఫీ పిప్పి పరిచి ఉంటే వెళ్ళి చూడండి. రెండు ఎండలకు అది అట్టకట్టేస్తుంది. మగ్గుతో నీళ్ళు పొయ్యండి. ఆ నీళ్ళు లోపలికి దిగవు. ముత్యాల్లా గుండ్రంగా దొర్లి, కుండీ అంచు పట్టుకుని జారి, అడుగు కన్నంలోంచి బయటికొచ్చేస్తాయి. పళ్ళెంలో నీళ్ళు చూసి మీరు "మొక్క తాగేసింది" అనుకుంటారు. వేలు గుచ్చి చూస్తే లోపల మట్టి పొడిపొడి! పాపం, ఆ మొక్క దాహంతో వాడిపోతుంటే మీరు ఎరువు ఎక్కువైందేమోనని దిగులుపడుతుంటారు.

సరే, టీ సంగతికొద్దాం. కాఫీ వాళ్ళు నొచ్చుకోకండి, మళ్ళీ వస్తాను.

విదేశాల తోటల పుస్తకాల్లో టీ ఆకు అంటే వేడినీళ్ళలో నానిన ఆకు. మన టీ అలాంటిదా ఏమన్నానా? పాలు, పంచదార, దంచిన అల్లం, యాలకులు, అన్నీ పోసి పొంగించి, దించి, మళ్ళీ పొంగించి చేసింది. జాలిలో మిగిలే పిప్పి పాలు తాగి, పంచదార తాగి ఉంటుంది. దాన్ని అలాగే కుండీలో వేశారా, గంటలో చీమలు బారులు తీరుతాయి. చీమలొస్తే ఏమైందిలే అంటారా? మీ మందారం కొమ్మల సందుల్లో తెల్లటి దూదిలా అంటుకునే పిండినల్లి ఉందే, దానికి కాపలాదారులు ఈ చీమలే. పిండినల్లి వదిలే తియ్యటి జిగురు కోసం దాన్ని శత్రువుల నుంచి కాపాడతాయి, కొత్త కొమ్మలకు మోసుకెళ్తాయి కూడా. మనమే పంచదార పెట్టి వాళ్ళను పిలవడం ఎందుకు చెప్పండి?

చేయాల్సింది చిన్న పని. జాలిలో పిప్పి ఉండగానే కుళాయి కింద పట్టి, చేత్తో తిప్పుతూ, కారే నీళ్ళు తెల్లదనం పోయేదాకా కడగండి. గుప్పిట్లో పిండండి. అంతే. అల్లం పీచు, యాలక తొక్కలు ఉంటే ఉండనివ్వండి, వాటిదేం లేదు. పాల వాసన పోవాలి, తీపి పోవాలి, అంతే కావలసింది. టీ పిప్పిలో నత్రజని కాఫీ పిప్పి కన్నా కాస్త ఎక్కువే ఉంటుంది తెలుసా? టీ వాళ్ళు ఇప్పుడు కాలరెగరెయ్యొచ్చు.

టీ బ్యాగుల వాళ్ళున్నారా? మీకొక్క మాట. బ్యాగు చించి ఆకు మాత్రం తీసుకోండి. పిరమిడ్ ఆకారంలో, వలలా మెరిసే సంచులు చాలామటుకు ప్లాస్టిక్కే. కాగితంలా కనిపించే వాటిలో కూడా అంచులు అతుక్కోవడానికి ప్లాస్టిక్ పోగులు కలుపుతారు. ఆకు కుళ్ళి మట్టైపోతుంది, సంచి మాత్రం జాలీ జాలీగా అలాగే మిగులుతుంది. పిన్ను, దారం, చీటీ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు గుడ్డు దగ్గరికి. శాకాహారులు ఈ రెండు పేరాలూ దాటేసి తొక్కల దగ్గర కలవండి.

గుడ్డు పెంకు గురించి నాకున్నంత ప్రేమ, నాకున్నంత కోపం ఇంకెవరికీ ఉండవు. ప్రేమ దేనికంటే, అంత పలచటి వస్తువులో నూటికి తొంభై అయిదు పాళ్ళు కాల్షియం కార్బొనేట్. సున్నపురాయిలో ఉండేదీ అదే. కోపం దేనికంటే, అందరూ దాన్ని చేత్తో నలిపి టమాటా మొదట్లో చల్లేసి, పనైపోయిందని చేతులు దులుపుకుంటారు. ఎక్కడైంది? సున్నపురాయిని నీళ్ళలో వేస్తే కరుగుతుందా? ఒక పెంకు ముక్కను నిమ్మరసంలో వేసి చూడండి. సన్నటి బుడగలు పట్టి నురగలొస్తాయి. పులుపు తగిలితేనే అది కరుగుతుంది. మామూలు నీళ్ళలో వేసి చూడండి, ఉలుకూ పలుకూ ఉండదు. కుండీ మట్టిలోనూ అంతే. వచ్చే ఏడాది మట్టి మార్చడానికి కుండీ బోర్లిస్తే, పెంకులు వేసినవి వేసినట్టే, తెల్లగా మెరుస్తూ పలకరిస్తాయి.

అసలు టమాటాకి పెంకులెందుకు వేస్తున్నారు? కాయ అడుగున నల్లగా, అణిగినట్టు కుళ్ళుతోందనే కదా? కాల్షియం అందక వస్తుందన్న మాట నిజమే. కానీ మట్టిలో లేక కాదండీ, కాయ దాకా చేరక! కాల్షియం నీళ్ళతోపాటే పైకెక్కుతుంది. ఒకరోజు కుండీ ఎండబెట్టి, మర్నాడు రెండు బకెట్లు గుమ్మరిస్తే ఆ రవాణా తెగిపోతుంది. ఆకులు గాలికి నీళ్ళు ఎక్కువ వదుల్తాయి కాబట్టి వచ్చిన కొద్దిపాటి కాల్షియం వాటికే పోతుంది, కాయకు మొండిచెయ్యి. ఇక మన హైదరాబాదు బోరునీళ్ళ సంగతి అడగాలా? నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకుపోతుందే, గీకినా రాదే, అది చాలామటుకు ఈ కాల్షియం కార్బొనేటే. రోజూ ఆ నీళ్ళే పోస్తున్న కుండీలో కాల్షియానికి కరువా? టమాటాకి కనీసం పదిహేను, ఇరవై లీటర్ల కుండీ ఇవ్వండి. మట్టి మీద ఎండుటాకులు పరవండి. నీళ్ళు వేళకు, ఒక్క తీరుగా పొయ్యండి. ఎండాకాలంలో రెండు పూటలా. నల్లమచ్చలు తగ్గుతాయో లేదో మీరే చూడండి. మచ్చపడ్డ కాయ మాత్రం మళ్ళీ బాగుపడదు, తుంచి కుండలో వెయ్యండి.

ఏ కుండలో అంటారా? వస్తున్నా, వస్తున్నా!

తొక్కలు ముందు కానివ్వండి. అరటి తొక్కతో మొదలుపెట్టాలి, ఎందుకంటే దాని మీద ఉన్నన్ని కథలు దేని మీదా లేవు. సీసాలో అరటి తొక్కలు నీళ్ళు పోసి నానబెట్టి, మూడు రోజుల తరవాత ఆ నీళ్ళు మొక్కకు పోస్తే పూలే పూలట! అరటి తొక్కలో పొటాషియం దండిగా ఉన్న మాట నిజం. నీళ్ళలోకి కొంత దిగుతుంది కూడా. నత్రజని, భాస్వరం మాత్రం అలా దిగిరావు. వాటికి తొక్క కుళ్ళాలి. ఇక ఆ సీసా మూత మరిచిపోయారా, నాలుగో రోజుకి వాసన, వారానికి దోమపిల్లలు గిరగిరా తిరుగుతుంటాయి. ఇంత శ్రమపడి సగం బలం ఎందుకు తీసుకోవాలి? తొక్క మొత్తం పనికొచ్చే దారి ఉండగా!

ఇంకొందరు తొక్కను మడిచి నేరుగా మొక్క పక్కన పాతేస్తారు. నేల మీద తోటలో జానెడు లోతున పాతితే ఏమో గానీ, కుండీలో అంత చోటెక్కడిది? పైపైన పాతితే రాత్రికి పందికొక్కు వచ్చి తొక్కతోపాటు మొక్కనూ పెళ్ళగిస్తుంది. పొద్దున్న మేడెక్కి చూస్తే మట్టంతా చిందరవందర. మీకూ అయ్యే ఉంటుంది, అవునా?

బత్తాయి, కమలా, నిమ్మ తొక్కలది మరో రకం మొండితనం. తొక్కను కళ్ళ ముందు మడిచి నొక్కితే చిరచిరమని నూనె చిమ్ముతుంది చూడండి, చిన్నప్పుడు పక్కవాళ్ళ కళ్ళలో కొట్టి ఏడిపించేవాళ్ళం కదా, ఆ నూనె సూక్ష్మజీవులకు గిట్టదు. వానపాములూ దాని దరిదాపులకు రావు. అలాగని పారెయ్యక్కర్లేదు. బొటనవేలి గోరంత ముక్కలుగా కత్తిరించి, రెండు రోజులు ఎండలో పడెయ్యండి. నూనె చాలావరకు ఎగిరిపోతుంది. ఆ తరవాత రోజుకో గుప్పెడు మించకుండా వాడుకోవచ్చు. నల్గొండ బత్తాయిలు లారీల్లో దిగి, వీధివీధినా రసం బండ్లు వెలిసే రోజుల్లో మాత్రం నిగ్రహం పాటించండి. బండివాడి దగ్గర సంచినిండా తొక్కలు ఊరికే వస్తున్నాయని అన్నీ ఒకేసారి తెచ్చి పోశారో, నెల్లాళ్ళయినా అవి ఆకుపచ్చ బూజుతో అలాగే కూర్చుంటాయి.

మామిడి తొక్కలు, బొప్పాయి తొక్కలు, సీతాఫలం తొక్కలు చాలా మంచివాళ్ళు. వేసిన వారానికి ఆనవాలు దొరకదు. పుచ్చకాయ తొక్క అంతా నీళ్ళే. దానిమ్మ తొక్క ఆలస్యం. మామిడి టెంక జోలికి పోకండి, ఏడాదైనా అది టెంకే. బొప్పాయి గింజలు వేస్తే తరవాత ప్రతి కుండీలోనూ బొప్పాయి మొలుస్తుంది. మీకు సరదా అయితే మీ ఇష్టం.

ఇక ఆ కుండ సంగతి.

ఇరవై లీటర్లు పట్టే మట్టికుండ ఒకటి తీసుకోండి. మూతి వెడల్పుగా ఉంటే చెయ్యి పడుతుంది. పాత ప్లాస్టిక్ బకెట్ అయినా తప్పులేదు, అడుగునా పక్కలా పెన్సిల్ పట్టేంత కన్నాలు పెట్టుకోవాలి, అంతే. మట్టిదైతే గోడలు కూడా ఊపిరి పీలుస్తాయి, నాకు అదే ఇష్టం. కింద రెండు ఇటుకలు పెట్టి, ఆ మధ్యలో పళ్ళెం. మేడ మీద నీడపట్టున ఉంచండి. అడుగున కొబ్బరి పీచు చిక్కుచిక్కుగా నాలుగు వేళ్ళ మందం పరవండి. నీళ్ళు నిలవకుండా అది చూసుకుంటుంది.

ఇప్పుడు అసలైన దినుసు. నలుగురూ నలుగురూ అంటూ ఊరించాను కానీ, అయిదోవాడు లేకపోతే ఈ నలుగురి వల్లా ఏమీ కాదు. ఎండుటాకులు! వేప, కానుగ, బాదం, మామిడి, ఏదైనా సరే, చేత్తో నలిపితే గలగలమనాలి. కాఫీ పిప్పి, టీ పిప్పి, తొక్కలు, ఇవన్నీ తడిసరుకు, నత్రజని సరుకు. ఎండుటాకు కర్బనం. గాలాడే సందులు ఇచ్చేదీ అదే, కారే నీళ్ళు పీల్చేదీ అదే. తడిసరుకు ఒక గిన్నెడు వేస్తే ఎండుటాకు అదే గిన్నెతో రెండు గిన్నెలు వెయ్యాలి. తూకం అక్కర్లేదు, కంటి కొలత చాలు. ఆకులు దొరకని రోజు గుడ్లొచ్చిన అట్ట ట్రే చించి వెయ్యండి. గుడ్డుతోపాటు వచ్చింది, గుడ్డు పెంకుతోపాటే వెళ్తుంది, న్యాయంగా లేదూ?

నలుగురున్న ఇంట్లో ఒకరోజు ఎలా ఉంటుందో చూద్దాం. పొద్దున్న ఫిల్టర్ పిప్పి ఒక గుప్పెడు. దాన్ని బిళ్ళగా వెయ్యకుండా వేళ్ళతో చిదిపి చల్లాలి, లేకపోతే లోపల కూడా అట్టే. కడిగి పిండిన టీ పిప్పి రెండు పూటలదీ కలిపి ఒక గుప్పెడు. రెండు అరటి తొక్కలు, ఒక బొప్పాయి తొక్క, అంగుళం ముక్కలుగా తరిగినవి. దానిమీద ఒక చెంచాడు గుడ్డు పెంకుల పొడి. అన్నిటికీ రెట్టింపు ఎండుటాకు. కర్రతో పైపైన ఒకసారి కలిపి, పైన మళ్ళీ ఒక పొర ఎండుటాకు కప్పండి. తొక్క బయటికి కనబడకూడదు. కనబడితేనే చిన్న ఈగలు.

పెంకుల పొడి ఇక్కడ ఎందుకొచ్చిందంటారా? ఇప్పుడడిగారు బాగుంది! పండ్ల తొక్కలు కుళ్ళేటప్పుడు పులుపెక్కుతాయి. పులుపు తగిలితే పెంకు కరుగుతుందని ఇందాక నిమ్మరసంలో చూశాం. టమాటా మొదట్లో ఏళ్ళ తరబడి ఊరికే కూర్చున్న పెంకుకి ఈ కుండలో పని దొరుకుతుందన్నమాట. అది పులుపు తగ్గిస్తుంది, కుండలో వానపాములుంటే వాటి కడుపులో మేత నలగడానికి ఇసుకరవ్వలా పనికొస్తుంది. కాకపోతే పిండిలా ఉండాలి. పెంకుల్ని వెంటనే కడిగి, లోపలి జిగురు పోయేదాకా, ఎండలో నాలుగు రోజులు పెట్టండి. వేలితో నొక్కితే పుటుక్కున విరగాలి. అప్పుడు పాత మిక్సీ జారులో తిప్పి, పిండి జల్లెడలో జల్లించండి. జల్లెట్లో మిగిలిన రవ్వ మళ్ళీ మిక్సీలోకి. మూత తియ్యడానికి తొందరపడకండి, ఆ దుమ్ము ముక్కులోకి పోతే బాగోదు. సీసాలో పోసి ఉంచుకుంటే నెలల తరబడి ఉంటుంది.

మొదటి రోజు ఒక గ్లాసు పుల్లమజ్జిగ చిలకరించండి, లేదా పాత కంపోస్టు రెండు గుప్పిళ్ళు వెయ్యండి. పని మొదలవుతుంది. వారానికి రెండుసార్లు అడుగుదాకా కలియబెట్టండి. ఉప్పు, నూనె, పచ్చళ్ళు, మిగిలిన కూరలు మాత్రం వద్దు. చేతిలో ఒక పిడికెడు తీసుకుని గట్టిగా పిండితే వేళ్ళ సందున ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువ, ఎండుటాకు దట్టించండి. పొడిగా రాలిపోతే నీళ్ళు చిలకరించండి. మే నెలలో రాలిపోయేదే ఎక్కువ, చీమలు చేరాయంటే అదే గుర్తు. వానాకాలంలో మూత వదలకండి.

వాసన కూడా కబురు చెప్తుంది. ముక్కు మండేలా ఘాటు వస్తే కాఫీ, టీ ఎక్కువైపోయాయని. మురిగిన గుడ్డు వాసన వస్తే లోపల గాలి లేదు, నీళ్ళెక్కువ అని. రెండిటికీ మందొకటే, ఎండుటాకు వేసి బాగా కలియబెట్టడం. వాన పడ్డ మట్టి వాసన వస్తే మీరు గెలిచారు.

మా ఎదురింటి పిన్నిగారు ఒకరోజు గోడ మీంచే కేకేశారు. "ఏమ్మాయ్, కుండంతా తెల్లగా బూజు పట్టిందే! పారబోసెయ్యనా?"

"అయ్యయ్యో, వద్దు పిన్నిగారూ! అదే కదా ఆకుల్ని అరగదీసేది!"

"మరి పురుగులో? ఇంతింత లావున తెల్లగా మెలికలు తిరుగుతున్నాయి!"

అవి నల్ల ఈగ పిల్లలు. ఆ ఈగ ఇంట్లోకి రాదు, అన్నం మీద వాలదు, కుట్టదు. పిల్లలు మాత్రం తొక్కల్ని తెగ తింటాయి. తడి ఎక్కువైతే వస్తాయి కాబట్టి, చూడలేకపోతే ఎండుటాకు పెంచండి, వాటంతట అవే తగ్గిపోతాయి. పిన్నిగారు ఇంకా ముక్కు మూసుకునే కలియబెడతారు గానీ, కుండ మాత్రం వదల్లేదు.

కుండ నిండింది. నిండిందని నేరుగా వాడెయ్యకండి, కంగారేముంది? కప్పేసి పక్కన పెట్టి, రెండో కుండ మొదలుపెట్టండి. రెండోది నిండేలోపు, అంటే రెండు నెలల అటూ ఇటూగా, మొదటిది పండుతుంది. కుండ నిండా వేసిన సరుకు అడుగున నాలుగో వంతుకు దిగిపోతుంది. నల్లగా, రవ్వరవ్వగా, ఏది కాఫీయో ఏది తొక్కో పోల్చుకోలేనట్టు. అక్కడక్కడా బత్తాయి ముక్క, కొబ్బరి పీచు కనిపిస్తే జల్లించి మళ్ళీ కొత్త కుండలో వెయ్యండి.

పండిందో లేదో తేల్చడానికి మన వంటింట్లోనే పరీక్ష ఉంది. చిన్న డబ్బాలో సగం మట్టి, సగం ఈ ఎరువు కలిపి, పది పన్నెండు మెంతులు చల్లి తడపండి. పక్కన మరో డబ్బాలో ఉట్టి మట్టిలో అన్నే మెంతులు. నాలుగైదు రోజుల్లో రెంటిలోనూ సమానంగా, పచ్చగా మొలిస్తే సిద్ధం. ఎరువు డబ్బాలో సగమే మొలిచినా, ఆకులు పసుపుపచ్చగా వచ్చినా ఇంకా పచ్చి అన్నమాట. మరో మూడు వారాలు ఆగండి. మెంతులు మొలిచాక ఏం చెయ్యాలో మీకు నేను చెప్పాలా? పప్పులోకి బ్రహ్మాండం.

వాడకం తేలిక. అడుగు వెడల్పు కుండీకి నెలకు రెండు గుప్పిళ్ళు. కాండానికి రెండంగుళాలు ఎడంగా వేసి, పైమట్టిలో వేళ్ళతో కలిపి, నీళ్ళు పోసి, ఎండుటాకు కప్పండి. కొత్త కుండీ నింపుతుంటే ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఈ ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు. ఉట్టి ఎరువులోనే మొక్క పెడితే ఇంకా బలమనుకోకండి. అది కుంగిపోతుంది, వేరు నిలదొక్కుకోదు. ఇంకో సంగతి, నలుగురి ఇంటి కుండ పాతిక కుండీలకు మొత్తం తిండి పెట్టలేదు. టమాటా, వంగ లాంటి తిండిపోతులకు కాపు మీదున్నప్పుడు వేపపిండో, బాగా చివికిన పశువుల ఎరువో పక్కన ఇస్తూ ఉండాలి. కుండ వల్ల నర్సరీ సంచులు తగ్గుతాయి, మానవు.

ఇక వెళ్తానుండండి, పాలు పొంగుతున్నట్టున్నాయి. ఆఁ, ఒక్కటి! మాఘ, ఫాల్గుణాల్లో వేప, బాదం చెట్లు ఆకు రాలుస్తాయి. వీధి ఊడ్చేవాళ్ళు కుప్పపోసి అగ్గిపుల్ల గీసేలోపు ఓ రెండు గోనెసంచులు నింపి మెట్ల కింద పెట్టుకోండి. వానాకాలంలో చచ్చినా ఎండుటాకు దొరకదు. అది లేకపోతే ఈ కాఫీ, టీ, పెంకు, తొక్క, ఏవీ ఎరువు కావు, ఉట్టి కంపు అవుతాయి. అప్పటిదాకా ఆగలేనంటారా, మా ఇంట్లో ఒక సంచి మిగులు ఉంది. సాయంత్రం అబ్బాయిని పంపండి, ఇస్తాను.